కట్టినవాళ్ల పేర్లే బకాయిల నోటీసులో: లూప్ తిరుగుతుండగా లిస్ట్‌లోంచి తీసేస్తే ఏమవుతుందో తెలుసుకున్న నా అనుభవం

మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. నెలకు 2,500 రూపాయల మెయింటెనెన్స్ 10వ తేదీలోగా కట్టాలి. కట్టనివాళ్ల ఫ్లాట్ నంబర్లు 11న పొద్దున లిఫ్ట్ పక్కనున్న నోటీసు బోర్డు మీద పెడతారు. ఈ ఏప్రిల్ నుంచి ఆలస్యమైతే 100 రూపాయల జరిమానా కూడా వేయాలని జనరల్ బాడీ మీటింగ్‌లో తీర్మానం చేశారు. సరిగ్గా అదే నెలలో సెక్రటరీ బాధ్యత నా చేతికొచ్చింది.

పాత సెక్రటరీ గారు డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, పైథాన్‌లో తను రాసుకున్న చిన్న ప్రోగ్రాం నాకు అప్పగించారు. 1 నొక్కితే ట్రెజరర్ గారి ఎక్సెల్ షీట్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైల్ చదువుతుంది. 2 నొక్కితే డబ్బు కట్టినవాళ్లను లిస్ట్‌లోంచి తీసేసి, మిగిలినవాళ్లకు జరిమానా కలుపుతుంది. 3 నొక్కితే నోటీసు తయారవుతుంది. జరిమానా లైను కూడా వెళ్లే ముందు ఆయనే రాసిచ్చారు.

ఏప్రిల్ 11న పొద్దున్నే వరసగా 1, 2, 3 నొక్కి, ప్రింట్ తీసి బోర్డు మీద అంటించాను. గంట తిరక్కుండానే 201లో ఉండే మాస్టారు మా తలుపు కొట్టారు. రిటైరై పదేళ్లు దాటిన మనిషి, గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఫోన్ తెరిచి, 2వ తేదీనే యూపీఐలో పంపినట్టున్న మెసేజ్ చూపించి, "అమ్మా, పనిమనిషి బోర్డు చదివి మా ఆవిడకు చెప్పింది. కట్టిన డబ్బుకు మా నంబర్ అక్కడెందుకుంది?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన ముందే కిందికి వెళ్లి కాగితం పీకేశాను.

సాయంత్రానికి ఇంకా ఏడెనిమిది మంది ఫిర్యాదు చేశారు. 101, 102 రెండూ ఒకే ఇంటివాళ్లవి. రెంటికీ కలిపి 5,000 ఒకేసారి పంపారు. నోటీసులో 101 లేదు, 102 ఉంది. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. ఒకే చెల్లింపులో సగం చేరి సగం చేరకపోవడమేమిటి? దీనికితోడు 103 వాళ్లది వేరే గోల. వాళ్లు నిజంగానే కట్టలేదు, ఆ సంగతి ఒప్పుకున్నారు కూడా. "మాకు 2,600 వేశారు, 203 వాళ్లకు 2,500 మాత్రమే ఎందుకు వేశారు? వాళ్లూ కట్టలేదు కదా?" అని అడిగారు. చూస్తే నిజమే, 203కు జరిమానా పడలేదు.

ట్రెజరర్ గారూ నేనూ వీటిని రెండు వేర్వేరు సమస్యలనుకున్నాం. మొదటిదానికి బ్యాంకును అనుమానించాం. మార్చి చివర్లోనే గేటు దగ్గర క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టాం కాబట్టి, యూపీఐ డబ్బులు స్టేట్‌మెంట్‌లోకి ఆలస్యంగా వస్తున్నాయేమో అనిపించింది. ట్రెజరర్ గారు బ్యాంకుకు వెళ్లి సగం రోజు కూర్చున్నారు. అన్నీ ఏ రోజువి ఆ రోజే జమయ్యాయని అక్కడ తేలింది. రెండోదాన్ని మేం పట్టించుకోనేలేదు. ఎర్రపెన్నుతో జాబితా సరిదిద్ది, కొత్త కాగితం పెట్టి ఊరుకున్నాం.

ఇలాంటి తప్పుతో ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే అది నెలకొక్కసారే కనిపిస్తుంది. మళ్లీ చూడాలంటే మే 11 దాకా ఆగాలి. ఆ నెల రోజులూ లిఫ్ట్ దగ్గర మాస్టారు ఎదురుపడితే నాకు టెన్షనే.

ఈలోగా ఖాళీగా కూర్చోలేక ఐదు ఫ్లాట్లతో ఒక చిన్న ఫైల్ చేసి ప్రోగ్రాం నడిపి చూశాను. కట్టినవాళ్లు, కట్టనివాళ్లు ఒకరు విడిచి ఒకరు ఉండేలా రాశాను. జవాబు అక్షరాలా సరిగ్గా వచ్చింది. అది చూసి ప్రోగ్రాంలో తప్పు లేదనే నమ్మకం ఇంకాస్త బలపడింది. ఎంత ఘోరంగా పక్కదారి పట్టించిందో ఆ పరీక్ష, కింద చెబుతాను.

మే 11న బటన్ నొక్కే ముందే ఫైల్ తెరిచి చూశాను. 102 ఎదురుగా కట్టినట్టు Y ఉంది, 201 ఎదురుగా కూడా Y ఉంది. 1 నొక్కాను, 2 నొక్కాను. 102, 201 రెండూ లిస్ట్‌లోనే ఉన్నాయి. కాబట్టి బ్యాంకుది కాదు, షీట్‌ది కాదు. Y తర్వాత కనిపించని ఖాళీ ఏదైనా ఉందేమో అనుకుని ఒక సాయంత్రం మొత్తం ఒక్కో గడీ వెతికాను. ఎక్సెల్‌తో పని చేసేవాళ్లకు ఈ బాధ తెలుసు. ఒక్క ఖాళీ కూడా దొరకలేదు.

లెక్క కూడా పక్కాగా సరిపోయింది, అదింకో ఆశ్చర్యం. ఎన్ని తీసేసింది, ఎన్ని మిగిల్చింది అని ప్రోగ్రాం చివర చూపిస్తుంది. రెండూ కలిపితే 20. ట్రెజరర్ గారు దాన్ని చూపించి "టాలీ అయింది కదమ్మా" అన్నారు. అవుతుంది మరి. తీసేయాల్సినవాణ్ణి తీసేయకపోతే వాడు మిగిలినవాళ్లలో లెక్కకొస్తాడు, మొత్తం ఎప్పుడూ చెడదు.

ఆ రాత్రి డల్లాస్‌కు ఫోన్ చేశాను. "మీకెప్పుడూ ఇలా రాలేదా అండీ?" అని అడిగితే పాత సెక్రటరీ గారు మామూలుగా చెప్పిన మాట ఒకటి నన్ను నిలబెట్టేసింది. "నేను 2 ఒక్కసారి నొక్కి ఊరుకునేవాణ్ణి కాదమ్మా, రెండు మూడుసార్లు నొక్కేవాణ్ణి. ఒక్కోసారి ఒకరిద్దరు మిగిలిపోయేవారు, మళ్లీ నొక్కితే పోయేవారు" అన్నారు. ఫోన్ పెట్టేసి నేనూ నొక్కి చూశాను. రెండోసారి నొక్కగానే 102, 201 మాయమయ్యాయి. అదే లిస్ట్, అదే షరతు. మొదటిసారి ఎందుకు తీయలేదు?

2 నొక్కితే నడిచే భాగం ఇంతే:

```python
def clean(flats):
    for f in flats:
        if f["paid"]:
            flats.remove(f)
        else:
            f["due"] += 100
```

చదివితే ఎక్కడా వంక కనిపించదు. లిస్ట్‌లో ఒక్కొక్కరినీ చూడు, కట్టి ఉంటే తీసెయ్, లేకపోతే 100 కలుపు. మొదటి రెండు అంతస్తుల ఎనిమిది ఫ్లాట్లను మాత్రం విడిగా ఒక ఫైల్‌లో పెట్టాను. వాటిలో 103, 203 మాత్రమే కట్టలేదు, మిగతా ఆరూ కట్టాయి. తర్వాత `for` లైనును ఇలా మార్చి, ఏ విడతలో ఎవరిని చూస్తోందో ప్రింట్ చేయించాను:

```python
    for i, f in enumerate(flats):
        print(i, f["no"])
```

వచ్చింది ఇది:

```
0 101
1 103
2 104
3 202
4 204
```

ఎనిమిది ఫ్లాట్లుంటే లూప్ ఐదుసార్లే తిరిగింది. 102, 201, 203ల మొహమే చూడలేదు. షరతు తప్పడం కాదు, వాళ్ల వంతే రాలేదు. కాసేపు తెరవంక చూస్తూ ఉండిపోయాను. ఫిర్యాదుల్లో వినిపించిన మూడు నంబర్లూ అవే.

తర్వాత కాగితం మీద వేసుకున్నాను. పైథాన్‌లో లిస్ట్ మీద `for` నడిచేటప్పుడు లోపల ఒక స్థానం నంబరు మాత్రమే పెట్టుకుంటుంది, 0 నుంచి మొదలుపెట్టి. ఆ స్థానంలో ఎవరుంటే వాళ్లను మన చేతికిచ్చి, నంబరు ఒకటి పెంచుకుంటుంది. ఆ నంబరు లిస్ట్ పొడవును అందుకోగానే ఆగిపోతుంది. ఎవరిని చూసింది, ఎవరిని చూడలేదు అన్న జ్ఞాపకం దానికి ఉండదు. ఇక `remove` చేసే పని, ఒకరిని తీసేసి వెనకున్నవాళ్లందరినీ ఒక్కో స్థానం ముందుకు జరపడం. బల్లమీద వరసగా కూర్చున్నవాళ్లలో ఒకరు లేచిపోతే పక్కవాళ్లు జరుగుతారు కదా, అలాగే.

మొదట 0లో 101 ఉంది. కట్టింది కాబట్టి తీసేసింది. వెంటనే 102 జరిగి 0లోకి వచ్చింది, 103 జరిగి 1లోకి వచ్చింది. లూప్ మాత్రం 1కి వెళ్లిపోయింది. అంటే 102 అప్పుడే చూసేసిన స్థానంలోకి వచ్చి చేరింది, ఇక దాన్ని ఎవరూ చూడరు. 1లో 103 ఉంది, కట్టలేదు, 100 కలిపింది. ఎవరినీ తీయలేదు కాబట్టి ఎవరూ జరగలేదు. 2లో 104, తీసేసింది. 201 జరిగి 2లోకి వచ్చింది, లూప్ 3కి వెళ్లింది. మాస్టారి ఫ్లాట్ అలా తప్పించుకుంది. 3లో 202, తీసేసింది. 203 జరిగి 3లోకి వచ్చింది, లూప్ 4కి వెళ్లింది. 4లో 204, తీసేసింది. అప్పటికి లిస్ట్‌లో నలుగురే, స్థానం 5. ఆగిపోయింది. మిగిలినవి 102, 103, 201, 203. ఉండాల్సినవి 103, 203 మాత్రమే.

మేం వేర్వేరనుకున్న రెండు సమస్యలూ ఇక్కడ ఒకటైపోయాయి. ఒకరిని తీసేసిన వెంటనే వాళ్ల తర్వాతివాళ్లు తప్పిపోతారు. తప్పిపోయినవాళ్లు కట్టినవాళ్లైతే అన్యాయంగా నోటీసుకెక్కుతారు. కట్టనివాళ్లైతే, 203 లాగా, నోటీసులో ఉండాల్సినచోటే ఉంటారు కానీ వాళ్లకు కలపాల్సిన 100 కలవదు. జరిమానా లైను అనేదే లేకపోయుంటే ఆ రెండో రకం ఎప్పటికీ బయటపడేది కాదు.

నా ఐదు ఫ్లాట్ల పరీక్ష ఎందుకు మోసం చేసిందో కూడా అర్థమైంది. కట్టినవాళ్లు ఒకరు విడిచి ఒకరు ఉంటే, ప్రతిసారీ తప్పిపోయేది కట్టనివాళ్లే. వాళ్లు ఎటూ మిగలాల్సినవాళ్లే కాబట్టి పేర్ల జాబితా సరిగ్గానే వస్తుంది. తీసేయాల్సినవాళ్లు పక్కపక్కనే ఉంటేనే జాబితా చెడుతుంది. నేనప్పుడు ఫ్లాట్ నంబర్లు చూశాను కానీ ఎదురుగా ఉన్న మొత్తాలు చూడలేదు.

పాత సెక్రటరీ గారికి మళ్లీ నొక్కితే ఎందుకు పోయేవో ఇప్పుడు లెక్క తేలిగ్గా అందింది. పక్కపక్కనే ఉన్నవాళ్లలో ఒక విడతలో ఒకరు విడిచి ఒకరు పోతారు. వరసగా ఏడుగురుంటే ముగ్గురు మిగులుతారు, మళ్లీ నొక్కితే ఒకరు, మళ్లీ నొక్కితే ఎవరూ ఉండరు. ఆయన రోజుల్లో జరిమానా లేదు కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా నష్టం లేదు. ఇప్పుడలా కాదు, నొక్కిన ప్రతిసారీ లూప్ కంటపడ్డ బకాయిదారుకు ఇంకో 100 పడుతుంది.

మరి ఇన్నేళ్లు లేని గొడవ ఏప్రిల్‌లోనే ఎందుకు ముదిరింది? ప్రోగ్రాం తీసేసే పద్ధతి మారలేదు, మా జనం అలవాటు మారింది. అంతకుముందు చెక్కులు, వాచ్‌మన్ చేతికిచ్చే నగదు. 10వ తేదీ నాటికి సగం ఫ్లాట్లు కూడా కట్టేవి కావు, కట్టినవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు. క్యూఆర్ కోడ్ పెట్టాక పదిహేను మంది దాకా గడువులోపే కట్టేస్తున్నారు. లిస్ట్‌లో ఫ్లాట్లు నంబర్ల వరసలో ఉంటాయి కాబట్టి కట్టినవాళ్లు గుంపులు గుంపులుగా పక్కపక్కన పడ్డారు. ఎంత మంది బుద్ధిగా కడితే నోటీసు అంత తప్పుగా వస్తుందన్నమాట. అందరూ కట్టేశారని పెట్టి నడిపి చూశాను. ఖాళీగా రావాల్సిన లిస్ట్‌లో సరిగ్గా పది ఫ్లాట్లు మిగిలాయి, ప్రతి అంతస్తులోనూ 2, 4 అంకెలతో ముగిసేవి. ఇలాంటి లూప్‌ను పరీక్షించాలంటే ఇంతకంటే మంచి ఫైల్ లేదు.

ఇంత జరుగుతున్నా పైథాన్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు, నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. జావాలో పనిచేసే మా తమ్ముడికి చెబితే "మా దగ్గరైతే `ConcurrentModificationException` అని ఆపేస్తుంది అక్కా" అన్నాడు. కాసేపటికి వాడే మళ్లీ ఫోన్ చేసి, అక్కడా ఒక సందు ఉందన్నాడు. `ArrayList`లో చివరి నుంచి రెండోదాన్ని తీసేస్తే, పొడవు తగ్గి లూప్ అయిపోయిందనుకుంటుంది. ఎర్రర్ రాదు, చివరిదాన్ని చూడకుండానే ఆగిపోతుంది.

ఇక సరిచేయడం. తమ్ముడు చెప్పిన చిన్న మార్పు `for f in flats[:]`. లిస్ట్ కాపీ మీద తిరుగుతూ అసలు లిస్ట్‌లోంచి తీసేయడం. తిరిగేది జరగదు కాబట్టి ఎవరూ తప్పిపోరు. నడిపి చూశాను, సరిగ్గానే వచ్చింది. అయితే `remove` ప్రతిసారీ లిస్ట్ మొదటి నుంచి వెతుకుతుంది. 20 ఫ్లాట్లకు ఏం కాదు కానీ వేలల్లో ఉంటే నెమ్మదిస్తుంది. దానికంటే, తీసేయడం అనే ఆలోచనే మానేసి, ఉండాల్సినవాళ్లతో కొత్త లిస్ట్ కట్టుకోవడం నాకు నచ్చింది:

```python
def clean(flats):
    flats = [f for f in flats if not f["paid"]]
    for f in flats:
        f["due"] += 100
```

దీన్ని నోటీసు తీయకుండా నడిపి చూస్తే 20కి 20 ఫ్లాట్లూ కనిపించాయి! గుండె ఝల్లుమంది. నిదానంగా చూస్తే సంగతి తెలిసింది. పాత ఫంక్షన్ తనకిచ్చిన లిస్ట్‌నే మార్చేది, ఏదీ తిరిగి ఇచ్చేది కాదు. కొత్తదాంట్లో `flats` అనే పేరు ఫంక్షన్ లోపల మాత్రమే కొత్త లిస్ట్‌కు మారింది. పిలిచినచోట పాత లిస్ట్ అలాగే ఉంది, నోటీసు దాన్నుంచే వస్తోంది. దీనికి రెండు దారులున్నాయి. ఎడమవైపు `flats[:] =` అని రాస్తే అదే లిస్ట్ లోపలి సరుకు మారుతుంది. లేదా చివర `return flats` పెట్టి, పిలిచేచోట `flats = clean(flats)` అని రాయాలి. నేను రెండోదే ఎంచుకున్నాను, చదివేవాళ్లకు ఏం మారుతోందో కనిపిస్తుంది కాబట్టి. పాత పద్ధతి లూప్‌ను ఇలా మార్చేవాళ్లు ఈ ఒక్క చోటు తప్పకుండా చూసుకోండి, లేకపోతే రోగం పోయి ఇంకోటి తగులుకుంటుంది.

నోటీసు తయారయ్యే ముందు ఒక కాపలా లైను కూడా పెట్టాను:

```python
assert not any(f["paid"] for f in flats)
```

కట్టినవాళ్లు ఒక్కరు మిగిలినా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, కాగితం రాదు. తీసినవి, మిగిలినవి కూడి చూడటంకంటే ఇదే అసలైన తనిఖీ. 2 ఒకసారి నొక్కాక మళ్లీ పనిచేయకుండా కూడా చేశాను. జరిమానా రెండుసార్లు పడకూడదు కదా.

ఇంత చేశాక మే నోటీసు మళ్లీ తీశాను, ఐదు ఫ్లాట్లే వచ్చాయి. ఏప్రిల్ ఫైల్ కూడా ఉంది కాబట్టి దాన్నీ నడిపి, అప్పట్లో ఎర్రపెన్నుతో దిద్దిన కాగితంతో పోల్చాను, ఫ్లాట్లన్నీ సరిపోయాయి. ఏప్రిల్ గొడవ ఇష్టంలేక 102 వాళ్లు 2,500 మళ్లీ కట్టేశారట, ట్రెజరర్ గారు ఖాతా చూస్తుండగా బయటపడింది. మొత్తం వెనక్కిచ్చాం. రెండు నెలలూ జరిమానా తప్పిపోయిన 203 లాంటివాళ్ల దగ్గర ఇప్పుడు వసూలు చేయకూడదని, జరిమానా పడినవాళ్లకు కూడా ఆ రెండు నెలలదీ రద్దు చేయాలని కమిటీలో నిర్ణయించాం. మాస్టారి ఇంటికి నేనే వెళ్లి కాగితం మీద ఆ ఎనిమిది ఫ్లాట్ల బొమ్మ వేసి చూపించాను. ఆయన లెక్కల మాస్టారు. పెన్ను తీసుకుని వరసగా ముగ్గురు కట్టినవాళ్లుంటే ఎవరు మిగులుతారో తనే వేసి, "అయితే మధ్యలోవాడిదే నేరమన్నమాట" అని నవ్వారు. అప్పటికి నా మనసు కుదుటపడింది.

జూన్ 11 నోటీసులో మూడే ఫ్లాట్లున్నాయి, మూడూ నిజంగా కట్టనివే. తర్వాత మిగతా ప్రోగ్రాంలో `.remove(`, `.pop(`, `del` ఉన్న చోట్లన్నీ వెతికాను. రెండు దొరికాయి. పార్కింగ్ స్టిక్కర్లది డిక్షనరీ మీద తిరుగుతూ అందులోంచే తీసేస్తోంది. అక్కడ పైథాన్ ఊరుకోదు, `RuntimeError: dictionary changed size during iteration` అని వెంటనే ఆపేస్తుంది, అందుకే ఆ బటన్ ఎప్పుడూ పనిచేయదని పాత సెక్రటరీ గారు వాడటం మానేశారట. నీళ్ల ట్యాంకర్ల జాబితాది మాత్రం అచ్చం మా నోటీసు లాంటి లిస్టే. బిల్లు చెల్లించిన ట్యాంకర్లను తీసేసే ఆ లూప్‌ను కూడా మార్చి, వేసవిలో రెండుసార్లు చెల్లించామా అని పాత బిల్లులు ఇప్పుడు ట్రెజరర్ గారితో కలిసి సరిచూస్తున్నాను.